‘మెత్తని ఆహారం’ అంటే ఎంత మెత్తన? రెండు బసల్లో చూసిన రూమ్ సర్వీస్ మెనూలు

మా అమ్మకు 81 ఏళ్లు. పక్షవాతం వచ్చి తగ్గిన తరువాత ఆమెకు మింగడంలో కొంత ఇబ్బంది మిగిలిపోయింది. మా అబ్బాయికి నాలుగేళ్లు. ఇద్దరినీ వెంటబెట్టుకొని చేసిన ఈ ప్రయాణంలో మేము రెండు హోటళ్లలో బస చేశాము. గదులూ పరుపులూ రెండు చోట్లా బాగానే ఉన్నాయి. తేడా అంతా గదికి తెప్పించుకునే భోజనం మెనూలోని మాటల్లో కనిపించింది.

మొదటి హోటల్ మెనూలో ‘పెద్దలకు అనువైన మెత్తని వంటకాలు’ అనే శీర్షిక కింద కూరగాయల సూప్ ఉంది. మేము దానినే తెప్పించాము. నీళ్లలా పలుచగా ఉన్న సూప్‌లో సగం వేలంత క్యారెట్ ముక్కలు తేలుతూ వచ్చాయి. రెండో చెంచాకే అమ్మకు దగ్గు వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ తరువాత మాట్లాడితే గొంతు తడిగా, గరగరగా వినిపించింది. మింగినది గొంతులోనే నిలిచిందనడానికి అది గుర్తు. ముక్క ఇంకా నోట్లో నలుగుతూ ఉండగానే పలుచని ద్రవం గొంతులోకి జారిపోతుంది కనుక, మింగడం బలహీనపడిన వారికి ఈ రెండూ కలిసిన ఆహారం విడివిడిగా ఇచ్చిన దానికంటే ప్రమాదకరం. ఫోన్ చేస్తే, “సూప్ కదండీ, మెత్తగానే ఉంటుంది” అని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ ఉద్యోగిని తప్పుపట్టలేను. ‘మెత్తని’ అన్న మాట ఆయనకు అంతకంటే ఏమీ చెప్పలేదు.

రెండో హోటల్ మెనూలో ఉడికించిన కూరగాయల పేరు కింద ఇలా రాసి ఉంది: “ముక్కలు 1.5 సెంటీమీటర్లకు మించవు. ఫోర్కుతో నొక్కితే నలుగుతాయి. చిక్కని సాస్ విడిగా ఇస్తాము. పిల్లలకు 8 మిల్లీమీటర్ల ముక్కలు అడగవచ్చు.” మింగడంలో ఇబ్బంది ఉన్నవారి కోసం ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ ప్రమాణంలోని ఆరో స్థాయి, అంటే మెత్తని చిన్న ముక్కల స్థాయి, చెప్పే కొలతలు ఇవే. ఎవరికి ఏ స్థాయి ఆహారం సరిపడుతుందో చికిత్స చేసేవారు తేల్చాలి, మెనూ తేల్చలేదు. అయితే ఆ స్థాయి ఏదో తెలిసిన కుటుంబానికి ఇలాంటి వాక్యం ఉంటే పళ్లెం రాకముందే నిర్ణయం తీసుకోవడం వీలవుతుంది.

పళ్లెం వచ్చాక నేను పరీక్షించి చూశాను. బొటనవేలి గోరు తెల్లబడేంత బలంతో ఫోర్కును ముక్కపై నొక్కాలి. ముక్క నలిగి, ఫోర్కు తీశాక మళ్లీ పాత ఆకారానికి రాకుండా ఉంటే అది సరైన మెత్తదనం. క్యారెట్ నలిగింది. బీన్స్ మాత్రం పీచుతో అలాగే నిలిచాయి. ఈ సంగతి చెప్పగానే వంటవారు వాటిని తీసి గుమ్మడికాయ ముక్కలు వేసి పంపారు. రాతలో ఇచ్చిన మాట ముందుగా ఉండబట్టే నేను అడగగలిగాను, వారు దిద్దగలిగారు.

పిల్లల విషయంలోనూ ఇదే తేడా. మొదటి చోట పండ్ల కప్పులో గుండ్రని ద్రాక్షపళ్లు అలాగే వచ్చాయి. ఐదేళ్లలోపు పిల్లల శ్వాసనాళానికి అవి అడ్డుపడవచ్చు. రెండో చోట ‘ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు’ అని మెనూలోనే రాశారు.

పరిమాణం దగ్గర ‘సగం ప్లేటు’ అన్న మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. మొదటి చోట సగం అంటే అన్నీ సగమే, గుడ్డు కూడా సగమే. వయసు మీరినవారు తక్కువ తింటారు గానీ వారికి మాంసకృత్తుల అవసరం ఆ మేరకు తగ్గదు. అందుకని ‘చిన్న ప్లేటు: అన్నం ముప్పావు కప్పు, గుడ్డు ఒకటి’ అన్న రెండో హోటల్ రాత నాకు ఎంతో ఆలోచించి రాసినట్టు తోచింది.

‘తక్కువ ఉప్పు’ అన్న సూచన గురించి మొదటి చోట అడిగితే, పైన ఉప్పు చల్లడం లేదనే దాని అర్థమని తేలింది. సూప్‌కు వాడే పొడిలో అప్పటికే ఉప్పు ఉంది. ‘ఉప్పు కలపలేదు, సూప్ పొడి వాడలేదు’ అని రెండు ముక్కలుగా రాస్తే తప్ప రక్తపోటు ఉన్నవారికి ఆ గుర్తు ఉపయోగపడదు. ఉప్పుకు బదులు పొటాషియం ఉప్పు వాడితే అదీ రాయాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది హాని చేయవచ్చు.

రెండో హోటల్ రాతలోనూ ఒక లోటు ఉంది. వంటగది నుంచి గదికి వచ్చేలోపు ఆహారం మారుతుందని అందులో ఎక్కడా లేదు. మూడో రాత్రి పళ్లెం ఆలస్యమై, ఆలుగడ్డ ముద్ద పైన తోలు కట్టి గట్టిపడింది. నేను ఆ తోలు తీసేసి, రెండు చెంచాల వేడి పాలు కలిపి, మళ్లీ ఫోర్కుతో నొక్కి చూశాకే అమ్మకు పెట్టాను. గది ఖాళీ చేసేటప్పుడు అభిప్రాయాల కాగితంపై ఈ వాక్యం రాసి ఇచ్చాను: “ఈ వంటకం చల్లారితే గట్టిపడుతుంది. మీరు తినే సమయం చెబితే అప్పుడే వండి పంపుతాము, కలుపుకోవడానికి వేడి పాలు విడిగా ఇస్తాము.”