పెళ్లి ఫోటోల్లో చెమట మెరుపు తీయడానికి గింప్: 4 ఏళ్ల వాడకం తర్వాత

మా వైపు పెళ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే పడతాయి. హోమం దగ్గర ఫ్యాన్లు ఆపేస్తారు, మండపం చుట్టూ జనం, పైన వీడియో లైట్లు. గ్రూప్ ఫోటోకి నిలబడే సరికి అందరి నుదుళ్లూ మెరుస్తుంటాయి, జుట్టు తడిసి కణతలకు అతుక్కుని ఉంటుంది. ఆ ఫోటోలు సరిచేసే పని బంధువులంతా నాకే ఇస్తారు. అందుకోసం 4 ఏళ్లుగా గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది.

అంతకు ముందు ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ వాడేవాణ్ణి. మెరుపు కొంచెం తగ్గేది కానీ, దాంతో పాటు చర్మం మీది సన్నని గీతలూ పోయేవి, బొట్టు అంచు కూడా అలుక్కుపోయేది. ఆ తర్వాత బ్రైట్‌నెస్ తగ్గించి చూశాను. నుదుటి మీద బూడిద పూసినట్టు మచ్చ వచ్చింది. ఎందుకో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. చెమట మెరుపులో ఉండేది చర్మం రంగు కాదు, లైటు రంగు. ఫ్లాష్ వెలుగు తడి మీద పడి, అద్దం మీద నుంచి వచ్చినట్టే తిరిగి కెమెరాలోకి వస్తుంది. ఆ తెలుపును ఎంత తగ్గించినా చామనఛాయ రాదు. పక్కనున్న చర్మం నుంచి రంగు తెచ్చి వేయాల్సిందే.

ఈ పనికి గింప్‌లో నాకు బాగా కుదిరిన పద్ధతి ఇది. ఫోటో పైన ఖాళీ లేయర్ ఒకటి పెట్టి, దాని మోడ్ Darken only చేస్తాను. Clone టూల్ తీసుకుని Sample merged టిక్ పెట్టి, ఒపాసిటీ 15 నుంచి 20 మధ్య ఉంచుతాను. మెత్తటి బ్రష్‌తో, మెరవని చర్మం మీద Ctrl నొక్కి క్లిక్ చేసి, మెరుపు మీద నెమ్మదిగా రెండు మూడు సార్లు రుద్దుతాను. నేను తెచ్చిన రంగు కంటే తెల్లగా ఉన్న చోటే మార్పు కనిపిస్తుంది. నల్లగా ఉన్న రంధ్రాలు, గీతలు అలాగే ఉంటాయి. నుదుటికి నుదుటి నుంచే, బుగ్గకు బుగ్గ నుంచే రంగు తీసుకోవాలి. పసుపు రాసిన పెళ్లికూతురి మొహానికి ఇది మరీ ముఖ్యం.

మొన్న మే నెలలో మా పిన్ని ఫోటో చూసి, "ఏంట్రా, నా మొహం అప్పుడే నూనెలోంచి తీసిన గారెలా ఉంది" అంది. నుదుటి మధ్య పెద్ద మెరుపు, దానికి అడ్డంగా మూడు తడి వెంట్రుకల పాయలు. ఒకటి కనుబొమ్మ మీదకి దిగింది. మెరుపు కంటే ముందు జుట్టు తీయాలి, లేకపోతే ఆ నలుపు కూడా మెరుపు మీదకి కాపీ అవుతుంది. ఫోటో కాపీ లేయర్ మీద, తెచ్చిన చర్మాన్ని చుట్టూ ఉన్న రంగుతో కలిపేసే Heal టూల్ వాడాను. పాయ వెడల్పు 6 పిక్సెల్స్ ఉంటే బ్రష్ 10 పెట్టాను. ఒకే పెద్ద గీత లాగకుండా చిన్న చిన్న ముక్కలుగా చెరిపాను. కనుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం Heal ఆ నలుపును చర్మంలోకి లాగి మసిలా చేసింది. వెనక్కి వెళ్లి, ఆ కాస్త చోట Clone తోనే పూర్తి చేశాను. చెవి దగ్గరి సన్న వెంట్రుకలు వదిలేశాను. అవీ తీసేస్తే జుట్టు విగ్గు పెట్టినట్టు కనిపిస్తుంది.

మెరుపు తీశాక పిన్ని మొహం చదునుగా అయింది. ముక్కు కొన మీద, కింది పెదవి మీద కాస్త వెలుగు లేకపోతే మొహానికి గుండ్రదనం పోతుంది. పై లేయర్ ఒపాసిటీ 70కి దించగానే మళ్లీ పిన్నిలా కనిపించింది. ముక్కుపుడక, బాసికం జోలికి అసలు పోను. ఆ మెరుపు వాటిదే. ఒక్కరిని సరిచేసి ఆపకూడదు కూడా. జూమ్ 25కి తగ్గించి చూస్తే, పక్కన మెరుస్తున్న పెద్దమ్మ మొహం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మొహానికి 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. 9 మంది ఉన్న ఆ ఫోటోకి దాదాపు రెండు గంటలు కూర్చున్నాను.

గింప్‌కి చేతకానిదీ ఉంది. మావయ్య నుదుటి మీద ఫ్లాష్ సూటిగా పడింది. Pointer విండోలో చూస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255, అంతకు మించి పైకి లేదు. అంటే అక్కడ చర్మం వివరమే నమోదు కాలేదు, కింద ఏమీ మిగల్లేదు. Darken only పద్ధతిలో అక్కడ మైనం ముద్దలాంటి మచ్చ వచ్చింది. చివరికి Normal మోడ్‌లో ఇంకో ఖాళీ లేయర్ పెట్టి, ఒపాసిటీ 100తో ఆయన నుదుటి ఇంకో వైపు నుంచి చర్మం తెచ్చి అతికించాను. ఫోన్‌లో చూస్తే తెలియదు. 12×18 ప్రింట్‌లో దగ్గరగా చూస్తే నాకు ఇప్పటికీ ఆ అతుకు కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు గ్రూప్ ఫోటోకి ముందు అందరికీ టిష్యూలు పంచి, తుడవకుండా అద్దుకోమంటున్నాను.