డెట్రాయిట్ గేమ్: మూడుసార్లు ఆడాక నా మాట

ముందే చెప్తున్నాను, కథలో కొన్ని మలుపులు ఇందులో బయటపడిపోతాయి. ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

‘డెట్రాయిట్: బికమ్ హ్యూమన్’ 2018లో పీఎస్4కి వచ్చింది. నేను చాలా ఆలస్యంగా పీసీలో మొదలుపెట్టాను. ఇప్పటికి మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు ఆడాను, మధ్యలోంచి ఎన్నిసార్లో లెక్కలేదు. కారా, కానర్, మార్కస్ అనే ముగ్గురు ఆండ్రాయిడ్ల, అంటే అచ్చం మనుషుల్లా కనిపించే రోబోల కథ ఇది. ముగ్గురూ మన చేతుల్లోనే ఉంటారు. ఎవరు చచ్చిపోయినా ఆట ఆగదు, మిగిలినవాళ్లతో సాగుతుంది. (కానర్ మాత్రం పోయినా అదే ముఖంతో ఇంకో కానర్ వస్తాడు, చొక్కా మీద నంబరు మారుతుంది అంతే.)

ప్రతి అధ్యాయం అయ్యాక చెట్టు కొమ్మల్లాంటి ఒక పటం కనిపిస్తుంది. మనం వెళ్లిన దారి వెలిగి ఉంటుంది, వెళ్లనివాటి మీద తాళం గుర్తు ఉంటుంది. ప్రపంచంలో ఎంతమంది ఏ దారిలో వెళ్లారో శాతాలు కూడా చూపిస్తుంది. మొదట్లో ఆ కొమ్మలన్నీ చూసి ఎన్ని కథలున్నాయో అనుకున్నాను. రెండోసారి ఆడేటప్పుడు గానీ తెలియలేదు, చాలా కొమ్మలు నాలుగడుగులు విడిపోయి మళ్లీ ఒకే చోట కలుస్తాయి. అలా కలపకపోతే ఎవరూ ఇంత పెద్ద గేమ్ చేయలేరు. ప్రతి ఎంపికకీ వేరే కథ రాయాలంటే, పది ఎంపికలకే వెయ్యి దాటతాయి.

మరి ఎంపికకి విలువెక్కడ? దారి కలిసిపోయినా, మనం చేసింది లోపల గుర్తుండిపోతుంది. మొదటి అధ్యాయంలో నేలమీద గిలగిలా కొట్టుకుంటున్న చేపను తొట్టిలో వేస్తే ఆ కథేమీ మారదు. కానర్ లోపల మనిషితనం కాస్త పెరిగినట్టు ఒక బాణం గుర్తు మాత్రం పడుతుంది. కానర్‌తో కలిసి పనిచేసే పోలీసు హ్యాంక్‌తో స్నేహం, ఆండ్రాయిడ్ల తిరుగుబాటు నడిపే మార్కస్ పట్ల జనం అభిప్రాయం కూడా ఇలాగే లోలోపల పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బిల్లు చాలా గంటల తర్వాత, మనం మర్చిపోయాక వస్తుంది.

నాకు ఆ బిల్లు కెనడా సరిహద్దులో వచ్చింది. మొదటిసారి మార్కస్‌ని వీరుడిలా ఆడాను. టీవీ టవర్‌లో పారిపోతున్న ఆపరేటర్‌ని కాల్చేశాను, వీధుల్లో ధ్వంసం చేయించాను. ఇవన్నీ మార్కస్ కథలోనివి, కారాకి ఏ సంబంధమూ లేదనుకున్నాను. చివర్లో కారా, తను పనిచేసిన ఇంటి నుంచి కాపాడి తెచ్చుకున్న పాపతో కలిసి బస్సు దిగి, ఒళ్లు వేడి చూసి ఆండ్రాయిడ్లను పట్టుకునే క్యూలో నిలబడింది. నాకున్న దారులు దాదాపు అన్నీ ఎవరో ఒకర్ని బలివ్వడమే. వాళ్లకి తోడుగా వచ్చిన ఆండ్రాయిడ్ లూథర్‌ని పంపించాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

రెండోసారి మార్కస్‌ని శాంతంగా నడిపించాను. ఆపరేటర్‌ని వదిలేశాను, దాంతో సైనికులు ముందే వచ్చేశారు, టెన్షన్ పెరిగింది. అయినా జనం మనవైపు తిరిగారు. అదే క్యూ, అదే చలి. ఈసారి ఏమీ చేయకుండా ఊరుకున్నాను. ఆఫీసరు ఇద్దరినీ కాసేపు చూసి, లోపలికి పంపేశాడు. ఒకళ్ల కథలో చేసింది ఇంకొకళ్ల కథలో పనికొచ్చిందని అప్పుడు అర్థమైంది. ఒక్కసారి ఆడి వదిలేసినవాళ్లకి ఇది కనిపించదు.

ఇక మూడోసారి దండగ. పటంలో తాళాలు తీయడానికే ఆడాను. కథ చూడటం మానేసి, ఏ బటన్ నొక్కితే ఏ కొమ్మ వెలుగుతుందో చూస్తూ కూర్చున్నాను. పైగా చూసిన దృశ్యాల్ని దాటేయడానికి వీల్లేదు. కారా గిన్నెలు కడగడం, ఇల్లు సర్దడం మొదటిసారి బాగుంటుంది. మూడోసారి మన ఇంట్లో గిన్నెలు కడుక్కున్నా పుణ్యం అనిపిస్తుంది.

మళ్లీ ఆడాలనుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. అధ్యాయం మధ్యలోంచి మొదలుపెడితే, మార్పులు సేవ్ చేయాలా వద్దా అని అడుగుతుంది. ఊరికే ఎలా ఉంటుందో చూడాలంటే వద్దనండి. నేను తొందరలో సరే నొక్కి, జాగ్రత్తగా కాపాడుకొచ్చిన ఒక దారిని పోగొట్టుకున్నాను. చివరి ముగింపు మారాలంటే మాత్రం సేవ్ చేసి, అక్కడి నుంచి తర్వాతి అధ్యాయాలన్నీ వరుసగా ఆడాల్సిందే. చివరి అధ్యాయం ఒక్కటే తెరిస్తే లాభం లేదు, దాన్ని తేల్చే లెక్కలన్నీ వెనకే ఉన్నాయి.

నా సలహా: మొదటిసారి తప్పులతో సహా పూర్తి చేయండి, పటం వైపు ఎక్కువ చూడకండి. కొన్ని నెలలాగి, మార్కస్ దారి ఒక్కటి పూర్తిగా తిప్పి రెండోసారి ఆడండి. నాకైతే ఒక్కో ఆటకీ పదీ పదకొండు గంటలు పట్టాయి. ఆ రెండోవి దండగ కాలేదు.

ఒక తాళం మాత్రం ఇప్పటికీ తీయలేదు. వాన రాత్రి ఆ ఇంటి యజమాని టాడ్ కదలొద్దని చెప్పినప్పుడు కారా నిజంగానే కదలకుండా నిలబడితే, ఆమె కథ అక్కడితో అయిపోతుంది. పాపకి ఏమవుతుందో మా తమ్ముడు ఆడి చెప్పాడు. నేను చూడను.