‘ఒక్కో డివైస్‌కి లిమిట్’ అని రాసుందని ఆ రౌటర్ కొనకండి, నేను కొని మునిగాను

పేరు రాయను గానీ సెల్లర్ ఎవరో మీకు తెలుసు. ‘హాస్టల్ స్పెషల్’ అని పెట్టి అమ్ముతాడు చూడండి, వాడే.

మాది ఒకటే 100 ఎంబీపీఎస్ లైను, మేము 22 మందిమి. తలా 4 ఇస్తే 88, ఇంకో 12 మిగులు, ఇక గొడవే ఉండదని లెక్క వేసిందీ నేనే, అందరి దగ్గరా డబ్బులు వసూలు చేసి కొన్నదీ నేనే. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత రాత్రయితే చాలు ఎవరికీ వీడియో కాల్ నిలవదు, అందరూ వచ్చి నా తలుపే కొడతారు.

నిన్న రాత్రి రౌటర్ పేజీ తెరిస్తే ఒక్క ఫోనే 70 లాగుతోంది. దాని పక్కన లిమిట్ గడి ఖాళీ! తీరా చూస్తే అది మా పక్క గది వాడిది, నేను నా చేత్తో 4 అని పెట్టిన ఫోనే. వాడు చేసిందల్లా వైఫై సెట్టింగ్స్‌లో మ్యాక్ అడ్రస్‌ని అసలుది తీసి ర్యాండమ్‌కి మార్చడం. దాంతో రౌటర్‌కి అది కొత్త ఫోన్ అయిపోయింది, లిస్టులో లేని కొత్త ఫోన్‌కి ఈ మహా యంత్రంలో లిమిటే లేదు. లిస్టులో మ్యాక్ అడ్రస్ రెండో అక్షరం 2, 6, A, E లో ఏదైనా అయితే అది సాధారణంగా ర్యాండమ్‌దే. మా లిస్టు నిండా అవే, నేను ఇన్నాళ్లూ చూసి కూడా పట్టించుకోలేదు.

సెల్లర్‌కి ఫోన్ చేసి, లిస్టులో లేని వాటన్నిటికీ కలిపి ఒక లిమిట్ పెట్టే దారి లేదా అని మర్యాదగానే అడిగాను. "సార్, డివైస్‌కి లిమిట్ అన్నాం, ఇచ్చాం. మీ హాస్టల్లో దొంగలుంటే దానికి కూడా మాదే వారంటీనా?" అన్నాడు. నవ్వాడు కూడా. కొనేముందు ఇదే మనిషి "ఎవడూ తప్పించుకోలేడు సార్" అని మూడుసార్లు చెప్పాడు, నేను మూడుసార్లూ తల ఊపాను. రిటర్న్ గడువు అయిపోయి నాలుగు రోజులైంది, అది కూడా వాడే గుర్తుచేశాడు.

కొనేవాళ్లు గడువులోపే లిస్టులో లేని ఫోన్ ఒకటి కలిపి స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. OpenWrt అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటర్ దొరికితే ఇంకా నయం. అందులో ట్రాఫిక్‌ని అదుపు చేసే SQM లో `cake` ఎంచుకుని, స్పీడ్ లైను కంటే కాస్త తక్కువగా, కేబీపీఎస్ లెక్కలో 90000 అని పెట్టి, డౌన్‌లోడ్ వైపు `nat dual-dsthost`, అప్‌లోడ్ వైపు `nat dual-srchost` ఇస్తే ఆ క్షణంలో వాడుతున్న డివైస్‌లకి సమానంగా పంచుతుంది, ఖాళీగా ఉంటే ఒక్కరికే మొత్తం ఇస్తుంది. అడ్రస్ మార్చినా వాటా ఒకటే. మూడు డివైస్‌లు ఉన్నవాడికి మాత్రం మూడు వాటాలు వస్తాయి, దానికి మళ్లీ మనిషికో లాగిన్ పెట్టుకోవాలి.

పక్క గది వాడు పొద్దున వచ్చి "ఏమైందన్నా, నెట్ స్లోగా ఉంది" అన్నాడు.