తెలిసింది, సమాచారం, కనిపిస్తోంది, ఆరోపణ: వార్తలో ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఒక మండలం అనుకుందాం. రాత్రి తొమ్మిదింటికి ఇసుక ట్రాక్టరు తగిలి బైకు మీద వెళ్తున్న కుర్రాడు చనిపోయాడు. మండల విలేకరి డెస్కుకు ఇలా పంపాడు:

"ట్రాక్టరు ఢీకొని యువకుడు మృతి చెందినట్లు తెలిసింది. ట్రాక్టరులో అక్రమంగా ఇసుక తరలిస్తున్నట్లు సమాచారం. డ్రైవరు మద్యం మత్తులో ఉన్నట్లు కనిపిస్తోంది. ఇసుక దందాలో రెవెన్యూ సిబ్బంది హస్తం ఉందని ఆరోపణలు వినిపిస్తున్నాయి."

నాలుగు వాక్యాలు, నాలుగు జాగ్రత్త మాటలు. చూడ్డానికి బాధ్యతగా రాసినట్టే ఉంది. కానీ నాలుగు చోట్లా ఆ మాట పడకూడని చోట పడింది. ప్రమాదం కల్పితమే గానీ ఈ రాత మాత్రం మన జిల్లా పేజీల్లో రోజూ కనిపించేదే.

మొదటి వాక్యం తీసుకోండి. శవం ఆసుపత్రి మార్చురీలో ఉంది. డాక్టరు చనిపోయాడని చెప్పాడు, విలేకరి కళ్లారా చూశాడు. ఇక "తెలిసింది" ఎందుకు? చనిపోయాడు అంటే చాలు. తెల్లారి పేపరు చూసుకునే తల్లికి "మృతి చెందినట్లు తెలిసింది" అన్న మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. జాగ్రత్త నిజంగా అవసరమైంది "ఢీకొని" దగ్గర. విలేకరి అది చూడలేదు. వెనక వస్తున్న ఇద్దరు చూశారు. కాబట్టి "ట్రాక్టరు ఢీకొట్టిందని వెనక మరో బైకుపై వస్తున్న ఇద్దరు చెప్పారు" అని రాయాలి. సందేహం ఏ ముక్క మీద ఉందో ఆ ముక్క మీదే పెట్టాలి, వాక్యం మొత్తం మీద దుప్పటిలా కప్పకూడదు.

రెండోది "సమాచారం". ఎవరి సమాచారం? ఈ మాటలో మనిషి లేడు. రాష్ట్రంలో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం నడుస్తోంది కాబట్టి ట్రాక్టరులో ఇసుక ఉన్నంత మాత్రాన అక్రమం అయిపోదు. ఎక్కడ తవ్వారు, అక్కడ తవ్వడానికి అనుమతి ఉందా అన్నది తహసీల్దారుకో గనుల శాఖ ఆఫీసుకో ఫోను చేస్తే తేలే సంగతి. అడిగితే తేలేదాన్ని "సమాచారం" అని వదిలేయడం జాగ్రత్త కాదు, పని ఎగ్గొట్టడం. రాత్రి ఎవరూ ఫోను ఎత్తకపోతే? "ట్రాక్టరులో ఇసుక ఉంది. దానికి అనుమతి ఉందో లేదో అధికారులు ఇంకా చెప్పలేదు" అంటే సరిపోతుంది. చూసింది గట్టిగా చెప్పి, తెలియనిది తెలియదని చెప్పడం అన్నమాట.

అంటే "తెలిసింది", "సమాచారం" పూర్తిగా పనికిరావా? ఒకచోట పనికొస్తాయి. చెప్పిన మనిషి పేరు బయటపెడితే అతని ఉద్యోగానికో ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, ఆ మాటను ఇంకోచోట సరిచూసుకున్నప్పుడు. అప్పుడు కూడా "జిల్లా స్థాయి అధికారి ఒకరు చెప్పారు" అన్నంత వరకైనా ఇవ్వగలిగితే మేలు.

మూడోది "కనిపిస్తోంది". ఎవరికి కనిపించింది? విలేకరి వెళ్లేసరికే డ్రైవరు స్టేషనులో ఉన్నాడు. ఊళ్లో ఒకాయన "ఆడు తాగేసున్నాడు బాబూ, కంపు కొట్టేసింది" అన్నాడు, అంతే. విన్నదాన్ని చూసినట్టు రాయడం ఇక్కడ జరిగిన తప్పు. "కనిపిస్తోంది", "అనిపించింది" రాసేవాడి సొంత కళ్లకే చెల్లుతాయి. బ్రేకు వేసిన గీతలు రోడ్డు మీద లేవని తానే చూస్తే "బ్రేకు వేసినట్టు కనిపించలేదు" అనొచ్చు. అందులోనూ ఎప్పుడు చూశాడో చెప్పాలి, ఎందుకంటే తెల్లారేసరికి ఆ గీతల మీద ఇంకో వంద బళ్లు తిరుగుతాయి.

తాగిన సంగతి మాత్రం కొలతకు అందేది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఊళ్లో ఆయనకు వాసన వచ్చిందన్నది నిజమే కావచ్చు, కానీ ఆ హద్దు దాటాడా అన్నది ముక్కు చెప్పలేదు. "వాసన వచ్చిందని ఒక స్థానికుడు చెప్పాడు, రక్త పరీక్ష ఫలితం రావాల్సి ఉందని పోలీసులు తెలిపారు." ఇది రెండు ముక్కలుగా ఉంది, రెండూ నిజమే, రెండింటికీ చెప్పినవాళ్లున్నారు.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం. "ఆరోపణలు వినిపిస్తున్నాయి" అని రాస్తే తాను ఏమీ అనలేదు కదా అని విలేకరి ధీమా. చట్టం అలా చూడదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను (పాత ఐపీసీ 499, 500) నింద వేసినవాడినే కాదు, దాన్ని ప్రచురించినవాడినీ పట్టుకుంటుంది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు ఉండొచ్చు. పేర్లు రాయలేదుగా అనడానికీ లేదు. మండలంలో ఇసుక చూసే రెవెన్యూ ఉద్యోగులు ఎందరుంటారు? పేరు లేకపోయినా ఊరందరికీ తెలిసిపోతుంది.

"ఆరోపించారు" మంచి మాటే, దానికి కర్త ఉన్నప్పుడు. ఫలానా మనిషి, ఫలానా చోట, ఫలానా ఆధారంతో ఆరోపించాడు, అవతలివాళ్లు ఇలా జవాబిచ్చారు. అప్పటికీ రక్షణ పూర్తిగా దొరకదు గానీ చదివేవాడు దాన్ని తూచుకోగలడు. ఇంకా ఘోరం "ఆరోపిస్తున్నట్లు సమాచారం". ఆరోపణ జరిగిందో లేదో కూడా తెలియదన్నమాట!

విచిత్రం ఏమిటంటే, ఇలా అన్నిటికీ ముసుగేసేవాళ్లే కేసు దగ్గరికొచ్చేసరికి ముసుగు తీసేస్తారు. "అజాగ్రత్తగా నడిపి ప్రాణం తీసిన డ్రైవరుపై కేసు" అంటారు. కేసు నమోదైందన్నది గట్టి నిజం, దానికి ఏ "సమాచారం" అక్కర్లేదు. అజాగ్రత్త అన్నదే తేలాల్సింది. "అజాగ్రత్తగా నడిపాడన్న ఫిర్యాదుపై డ్రైవరు మీద కేసు నమోదైంది" అంటే రెండూ ఎక్కడివక్కడ ఉంటాయి.

"ప్రాథమికంగా" అన్న మాటను ఈ గుంపులో కలపను, అది వేరు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస పాసింజరును వెనక నుంచి విశాఖ–రాయగడ పాసింజరు ఢీకొట్టింది. అంతవరకు ఏ సందేహమూ అక్కర్లేదు. సిగ్నలు దాటడం మానవ తప్పిదమన్నది మాత్రం రైల్వే తొలి మాట. వెనక బండి లోకోపైలట్ ఆ ప్రమాదంలోనే చనిపోయాడు, ఎదురు చెప్పడానికి లేడు. అలాంటప్పుడు "రైల్వే ప్రాథమికంగా చెబుతోంది" అన్న మూడు మాటలు చాలా బరువు మోస్తాయి. విచారణ ఇంకా నడుస్తోందని చెబుతాయి, మాట ఎవరిదో చెబుతాయి. తుది నివేదిక వచ్చినప్పుడు మళ్లీ రాయాల్సిన బాకీ కూడా పత్రిక మీద మిగులుస్తాయి.

ఇక మన ట్రాక్టరు వార్త. నావరకైతే వరస ఇది: పేరుతో "చెప్పారు" మొదట, చూసినదానికి సూటి వాక్యం దానికి సమానం, సొంత కళ్లకు "కనిపించింది" తర్వాత, కర్తతో "ఆరోపించారు" ఆ తర్వాత, "సమాచారం" అన్నిటికన్నా అడుగున. ఇలా రాస్తే వార్త పొడవవుతుందని డెస్కు గొణుగుతుంది. సింగిల్ కాలంలో చోటు చాలకపోతే నాలుగో వాక్యం మొత్తం తీసేయండి. రెవెన్యూ సిబ్బంది సంగతి నిజమైతే అది రేపటికి విడిగా, పేర్లతో, వాళ్ల వివరణతో రావాల్సిన వార్త.