రేట్ కాంట్రాక్టు రేట్లను ఎక్సెల్ పట్టికలోకి ఎక్కించి వాడాక: నా సమీక్ష

మా కొనుగోలు విభాగంలో రేటు కోసం ఇప్పుడు ఎవరూ కాంట్రాక్టు పీడీఎఫ్ తిరగేయడం లేదు. ఐటెమ్, తేదీ, పరిమాణం కొడితే రేటూ, షరతులూ, అది కాంట్రాక్టులో ఎన్నో పేజీలో ఉందో చూపించే ఎక్సెల్ ఫైలు వాడుతున్నాం. చాలాకాలంగా రోజూ వాడిన అనుభవంతో చెబుతున్నాను: రేట్లు ఎక్కించడం తేలికే. ఇలాంటి ఫైలు నిలబడేదీ, కూలేదీ తేదీల దగ్గరే.

పీడీఎఫ్‌లోని రేట్ల పట్టికను పవర్ క్వెరీలో From PDF ద్వారా లాగుతాం. స్లాబుల వరుసల్లో ఐటెమ్ పేరు మొదటి వరుసలోనే ఉండి కింద ఖాళీగా వస్తుంది, Fill Down కొడితే నిండిపోతుంది. పట్టిక కింద నక్షత్రం గుర్తు పెట్టి రాసిన షరతులు మాత్రం పట్టికతో పాటు రావు. వాటిని మనిషే చదివి ఎక్కించాలి. మాలో ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని సరిచూస్తారు.

ఒక ఐటెమ్, ఒక స్లాబ్, ఒక గడువు: ఈ మూడూ కలిస్తే ఒక వరుస. రేటు వెతకడానికి వాడే సూత్రం ఇది, B2లో ఐటెమ్, B3లో తేదీ, B4లో పరిమాణం:

```
=FILTER(Rates,
 (Rates[Item]=B2)*
 (Rates[From]<=B3)*(Rates[To]>=B3)*
 (Rates[MinQty]<=B4)*(Rates[MaxQty]>=B4),
 "రేటు లేదు")
```

VLOOKUP వద్దని నేను గట్టిగా చెబుతాను. అది దొరికిన మొదటి వరుసను ఇచ్చి ఊరుకుంటుంది. FILTER సరిపోయే వరుసలన్నీ చూపిస్తుంది కాబట్టి రెండు వరుసలు కనిపించగానే పట్టికలో ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. చేతి గ్లౌజుల కాంట్రాక్టు 2024 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకు. 49 పెట్టెల దాకా పెట్టెకు 240, 50 నుంచి 228. మధ్యలో సవరణ లేఖ వచ్చింది: అక్టోబర్ 1 నుంచి ఆ రేట్లు 252, 240. కొత్త రేట్లకు కొత్త వరుసలు చేర్చి, పాత వరుసల To తేదీని సెప్టెంబర్ 30కి మార్చాలి. ఈ రెండో పని చేయకపోతే అక్టోబర్ 15న 60 పెట్టెలకు 228, 240 రెండూ వస్తాయి. పాత వరుసలను చెరిపేయడం అంతకన్నా చేటు. సెప్టెంబర్ ఆర్డర్ల బిల్లులు తర్వాత వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక సెప్టెంబర్ 25న 60 పెట్టెలకు ఆర్డర్ పెడితే సరుకు అక్టోబర్ 8న బయల్దేరిందనుకోండి. ఏ రేటు? కాంట్రాక్టు ఆర్డర్ తేదీని లెక్కలోకి తీసుకుంటే 228, సరుకు పంపిన తేదీని తీసుకుంటే 240. అందుకే పట్టికలో DateBasis అని ఒక కాలమ్ పెట్టాం. కాంట్రాక్టులో ఈ మాట స్పష్టంగా లేకపోతే అక్కడ "సప్లయర్‌ను లిఖితపూర్వకంగా అడగాలి" అని రాస్తాం, ఊహించి నింపం. సప్లయర్లతో మాకు వచ్చే రేటు తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది కంటికి కనిపించని పొరపాటు. పీడీఎఫ్ నుంచి వచ్చిన తేదీ ఒక్కోసారి తేదీగా కాక అక్షరాలుగా ఉండిపోతుంది. ఎక్సెల్ పోల్చేటప్పుడు అక్షరాలను ఏ సంఖ్య కన్నా పెద్దవిగానే లెక్కిస్తుంది. To కాలమ్‌లో అలాంటి తేదీ ఉంటే ఆ వరుసకు గడువే తీరదు, ఎప్పుడో ముగిసిన రేటు ఇప్పటికీ చెల్లుతున్నట్టే వస్తుంది. From కాలమ్‌లో ఉంటే ఆ రేటు అసలు కనిపించదు. To ఖాళీగా వదిలినా అంతే, ఎక్సెల్ దాన్ని సున్నాగా చూసి వరుసను దాచేస్తుంది. కొత్త కాంట్రాక్టు ఎక్కించిన ప్రతిసారీ ఈ సూత్రం నడపండి:

```
=ROWS(Rates[To])-COUNT(Rates[To])
```

జవాబు సున్నా రావాలి. From కాలమ్‌కూ ఇదే పరీక్ష. ఇది దాటినా 03/04 అన్నది మార్చి 4వ తేదీగా మారిందా, ఏప్రిల్ 3గా మారిందా అన్నది కాంట్రాక్టు పక్కన పెట్టుకుని చూడాల్సిందే.

FILTER పాత ఎక్సెల్‌లలో లేదు, 2021 లేదా ఆ తర్వాతిది, లేదంటే 365 ఉండాలి. ముడిసరుకు ధర సూచీని బట్టి మారే రేట్లకు ఈ పట్టిక పనికిరాదు. వాటికి రేటు గడిలో అంకె పెట్టకుండా, లెక్క ఉన్న పేజీ నంబరు మాత్రం ఇస్తున్నాం. ఏడాది మొత్తం కొనుగోలును బట్టి ఇచ్చే తగ్గింపూ అంతే, ఒక్కో ఆర్డర్ చూసే పట్టికకు అది అందదు. స్థిరమైన రేట్లూ, స్లాబులూ ఉన్న కాంట్రాక్టులకైతే, సవరణ లేఖ వచ్చిన రోజే పట్టికలోకి ఎక్కించే బాధ్యత ఒకరికి అప్పగించగలిగితే, నిస్సంకోచంగా వాడండి.