నాలుగు స్లైడ్ల ఔట్‌లైన్: మూడేళ్లు వాడాక నా మాట

జనరల్ మెడిసిన్ పీజీలో చేరిన కొత్తలో ఒక సీనియర్ నేర్పిన పద్ధతి ఇది. ట్రయల్ అబ్‌స్ట్రాక్ట్ ముందు పెట్టుకుని ప్రశ్న, పద్ధతులు, ఫలితాలు, పరిమితులు అని నాలుగు స్లైడ్లకు ఔట్‌లైన్ రాసుకోవాలి. మూడేళ్లుగా ప్రతి జర్నల్ క్లబ్‌కీ ఇదే వాడుతున్నాను. మొదటి మూడు స్లైడ్లకు బాగా పనికొస్తుంది. నాలుగో దానికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

2019లో వచ్చిన డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్‌నే తీసుకోండి. ప్రశ్న స్లైడ్‌లో నేను మొదట అబ్‌స్ట్రాక్ట్ బ్యాక్‌గ్రౌండ్ మొత్తం ఎత్తి రాసేదాన్ని. ఇప్పుడు ఒక్క వాక్యమే రాస్తాను: ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్న గుండె వైఫల్య రోగులకు, షుగర్ ఉన్నా లేకపోయినా, మామూలు మందులకు తోడు డాపాగ్లిఫ్లోజిన్ ఇస్తే మేలు జరుగుతుందా? పద్ధతుల్లో 4744 మంది, రోజుకు 10 మి.గ్రా. లేదా ప్లాసిబో, ప్రైమరీ ఔట్‌కమ్ ఏమిటి, అంతే. ఆ ఔట్‌కమ్‌లో గుండె జబ్బుతో మరణం ఒకటే కాదు, వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరడం, అత్యవసరంగా వచ్చి ఐవీ మందులు తీసుకోవడం కూడా కలిసి ఉన్నాయని తప్పక రాయాలి.

ఫలితాల స్లైడ్‌లో నాకు బాగా తగిలింది. హజార్డ్ రేషియో 0.74 అని పెద్ద అక్షరాల్లో పెట్టి, "26 శాతం తగ్గింది" అని చదివాను. ప్రొఫెసర్ గారు ఆపి, "వందమందిలో ఎంతమందికమ్మా?" అన్నారు. నోరు పెగల్లేదు. నిజానికి లెక్క అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఉంది: ప్రైమరీ ఔట్‌కమ్ ఎదురైనవాళ్లు మందు వాడినవాళ్లలో 16.3 శాతం, ప్లాసిబోలో 21.2. తేడా 4.9. అంటే సుమారు 21 మందికి మందిస్తే ఒకరికి ఆ ముప్పు తప్పుతుంది. అదీ 18.2 నెలల మధ్యస్థ కాలానికి. ఈ కాలం రాయకపోతే 21 అన్న అంకెకు అర్థమే లేదు. అప్పటినుంచి రెండు శాతాలూ పైన, రేషియో కింద.

ఇక పరిమితులు. ఈ అబ్‌స్ట్రాక్ట్‌లో ఆ విభాగమే లేదు. అయినా స్లైడ్ ఖాళీగా ఉంటే బాగోదని "శాంపిల్ సరిపోదు, ఫాలో-అప్ తక్కువ" అని అలవాటుగా రాసేస్తాం. 4744 మందితో చేసిన ట్రయల్‌కు శాంపిల్ సరిపోదంటే నవ్వరూ!

ఇప్పుడు ఆ స్లైడ్‌ను ఖాళీగానే వదిలి, పూర్తి పేపర్ తెరిచి ఎవరిని చేర్చుకోలేదో చూస్తాను. ఇందులో ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువున్నవాళ్లు, సిస్టాలిక్ బీపీ 95 కన్నా తక్కువున్నవాళ్లు లేరు. చేరాలంటే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా పెరిగి ఉండాలి. మా ఓపీకి వచ్చే గుండె వైఫల్య రోగుల్లో చాలామందికి ఆ పరీక్షే చేయించం. కాబట్టి ఇప్పుడు నాలుగో స్లైడ్ మొదటి వరుసలో "ఈ రోగులు మన రోగులేనా?" అని రాసి, దాని కింద ఆ మూడు షరతులూ పెడతాను. ఒక్కోసారి సగం చర్చ అక్కడే అయిపోతుంది.