ఏడేళ్ల తర్వాత మా ఇంటి డీబీ బాక్సు: 32 ఆంప్స్ ఎంసీబీ చేసిన పని, ఒకే ఈఎల్‌సీబీ పెట్టిన తిప్పలు

ఖమ్మంలో మేం ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది 2018లో. సింగిల్ ఫేజ్ సర్వీసు. రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఒక హెచ్‌పీ బోరు మోటారు, వంటింట్లో ఇండక్షన్ పొయ్యి. ఈ ఏడేళ్లలో ఇంటి కరెంటు లైన్లన్నీ విడిపోయే డీబీ బాక్సు మూత తీసినన్ని సార్లు మా బీరువా తలుపు కూడా తీసి ఉండను. ఏ కంపెనీ సరుకు కొన్నానన్నది ఇక్కడ చెప్పను, ఎందుకంటే మా ఇంట్లో వచ్చిన తంటాలన్నీ ఎంపికవల్లా, బిగించిన తీరువల్లా వచ్చినవే. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయి లైను తెంపేది. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఏ మంచి ఎంసీబీ అయినా దాని పని అది చేస్తుంది. తప్పు నంబరు పెడితే మాత్రం ఏ కంపెనీదీ కాపాడదు.

మొదట బిగించింది ఇదీ. మీటరు నుంచి డీబీకి 10 స్క్వేర్ ఎంఎం తీగ, దాని మీద 40 ఆంప్స్ మెయిన్. కరెంటు లీకైతే పడిపోయే ఈఎల్‌సీబీ ఇల్లంతటికీ కలిపి ఒకే ఒక్కటి, 30 మిల్లీ ఆంప్స్‌ది. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర వైరు, 10 ఆంప్స్ ఎంసీబీ. గీజర్లకు, వంటింటికి రెండున్నర వైరు, 16 ఆంప్స్. ఏసీలకు నాలుగు స్క్వేర్, 20 ఆంప్స్. నిజానికి మేం కొన్నది ఆర్‌సీసీబీ. పాతకాలం ఈఎల్‌సీబీ వేరే రకం, ఇప్పుడది ఎవరూ వాడరు. కానీ షాపులోనూ, ఎలక్ట్రీషియన్ నోట్లోనూ ఈఎల్‌సీబీయే కాబట్టి నేనూ అలాగే అంటున్నాను.

వైర్ల లెక్కలో తప్పేమీ లేదు. మేం దాన్ని చెడగొట్టుకున్నది రెండో ఏడాది.

అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఇల్లంతా చుట్టాలు. వంటింట్లో ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, ఓవెన్ 1400, కెటిల్ 1500, మిక్సీ 750, అన్నీ ఒకే లైను మీద నడిచాయి. మొత్తం 5650 వాట్లు. 230తో భాగిస్తే ఇరవై నాలుగున్నర ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీ కాసేపు ఓర్చుకుని పడిపోయేది. వేసినా మళ్లీ పడేది. విసుగొచ్చి వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, "ఎంసీబీ వీక్ అయింది సార్" అని పీకేసి, తన సంచిలో ఉన్న 32 ఆంప్స్‌ది పెట్టాడు. పడటం ఆగిపోయింది. నేను కూడా సంతోషించాను, నిజం చెప్పాలంటే.

ఆర్నెల్ల తర్వాత సాకెట్ దగ్గర కాలిన రబ్బరు వాసన. ప్లేటు ఊడదీస్తే లోపల ఎర్ర వైరు తొడుగు గోధుమ రంగులోకి తిరిగి, గోటితో గీరితే పెళుసుగా రాలిపోతోంది. రాగి నల్లబడింది. ఎంసీబీ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది.

మా బావ సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన వచ్చి డీబీ చూసి మొదట అన్న మాట, "ఏరా, ఎంసీబీ ఎవర్ని కాపాడుతుందనుకున్నావ్? పొయ్యినా?"

"మరి?"

"గోడలో ఉన్న తీగని. తీగ ఎంత మోయగలదో చూసి దానికి తగ్గది పెట్టాలి గానీ, పడుతోందని పెద్దది పెడతారట్రా?"

తర్వాత కాగితం మీద రాసి చూపించారు. పైపులో వేసిన రెండున్నర రాగి వైరు 30 డిగ్రీల వాతావరణంలో సుమారు 24 ఆంప్స్ మోస్తుంది. మన దగ్గర మే నెలలో స్లాబ్‌లోని పైపు 45 డిగ్రీలకు తక్కువ ఉండదు. అక్కడ ఆ శక్తి దాదాపు ఐదో వంతు తగ్గి 19కి వస్తుంది. అదే పైపులో ఇంకో లైను కూడా పోతుంటే రెండూ ఒకదాన్నొకటి వేడి చేసుకుంటాయి కాబట్టి 15కు దిగుతుంది. మా వంటింటి పైపులో వాషింగ్ మెషీన్ లైను కూడా ఉంది. అంటే 15 మోసే తీగ మీద ఇరవై నాలుగున్నర లాగాం. ఇక 32 ఆంప్స్ ఎంసీబీ సంగతి: దాని మీద రాసిన అంకె దాటగానే అది పడదు. 1.13 రెట్ల వరకు, అంటే 36 ఆంప్స్ దాకా, గంటసేపు పడకుండా నిలబడాలన్నది ప్రమాణం. 1.45 రెట్లకు, అంటే 46కు చేరితేనే గంటలోపు కచ్చితంగా పడాలి. మా ఇరవై నాలుగున్నర దాని లెక్కలో లోడే కాదు. ఇదే లెక్క పాత 16కు వేస్తే, 23 దాటాం కాబట్టి అది పడటం దాని ధర్మం. వీక్ అయిందేమీ లేదు, పాపం.

మరమ్మతుకు గోడ పగలగొట్టలేదు. పాత తీగను లాగుతూ దాని వెంటే కొత్త రెండున్నర వైరు ఎక్కించి, దాన్ని ఇండక్షన్ పొయ్యికి మాత్రమే వదిలి, మళ్లీ 16 ఆంప్స్ పెట్టాం. పొయ్యి తీసుకునేది తొమ్మిదికి లోపే. మిగతావాటికి పైన కేసింగ్ వేసి నాలుగు స్క్వేర్ లైను కొత్తగా తెచ్చి 20 ఆంప్స్ పెట్టాం. ఓవెన్, కెటిల్, మిక్సీ మూడూ కలిసినా 16 దాటవు. కేసింగ్ చూడటానికి అంత బాగుండదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఐదేళ్లయింది, ఆ రెండు ఎంసీబీల్లో ఒక్కటీ పడలేదు. ప్లేటు ఊడదీసి చూస్తే తొడుగు కొత్తగానే ఉంది.

ఇంతకంటే ఎక్కువ నిద్ర చెడగొట్టింది ఈఎల్‌సీబీ. ఇల్లంతటికీ ఒక్కటే పెట్టడం డబ్బు మిగుల్చుకోవడమే, కానీ ఆ మిగులు ఎంతటిదో ఒక శ్రావణంలో వానలు పట్టినప్పుడు తెలిసింది. రాత్రి రెండింటికి ఇల్లంతా చీకటి. ఈఎల్‌సీబీ కింద పడి ఉంది, ఎత్తితే నిలవట్లేదు. అందరూ చెప్పే పద్ధతి పాటించాను. ఎంసీబీలన్నీ దించి, ఈఎల్‌సీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేసుకుంటూ రావడం. ఎంసీబీలన్నీ దించినప్పుడు ఈఎల్‌సీబీ నిలిచింది. ఫ్రిజ్ లైను వేస్తే పడింది. దొంగ దొరికాడనుకుని దాన్ని దించి, ఏసీ వేశాను. మళ్లీ పడింది. దాన్నీ దించి గీజర్ వేశాను. అప్పుడూ పడింది. ఇంట్లో ఉన్నవన్నీ ఒకే రాత్రి పాడవుతాయా?

కారణం మర్నాడు బావ వచ్చాక తేలింది. గేటు స్తంభం మీది లైటులోకి నీళ్లు దిగి, అక్కడి న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోంది. మనం దించే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. కాబట్టి గేటు లైను దించి ఉన్నా దాని న్యూట్రల్ తడి దారి తెరిచే ఉంది. ఇంట్లో ఏ వస్తువు కరెంటు లాగినా, తిరిగి వెళ్లే కరెంటులో కొంత భాగం మెయిన్ న్యూట్రల్‌కు బదులు ఆ దారిలో భూమిలోకి పోతుంది. వెళ్లినంత తిరిగి రాకపోతే పడిపోవడమే ఈఎల్‌సీబీ పని. 30 మిల్లీ ఆంప్స్‌ది 15 దాటితే ఎప్పుడైనా పడొచ్చు, 30కి పడి తీరాలి. అందుకే ఏ బరువైన వస్తువు వేసినా అదే నేరస్తురాలిగా కనిపించింది. ఏది వేసినా పడుతోందంటే అనుమానించాల్సింది న్యూట్రల్‌ను. మెయిన్ దించేసి, న్యూట్రల్ తీగలన్నీ బిగించే లింకు నుంచి ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. ఇది ఇంట్లోవాళ్లం చేసే పని కాదు, తెలిసినవాళ్లే చేయాలి.

ఆ తర్వాత డీబీని మార్చాం. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఒక 40 ఆంప్స్ ఈఎల్‌సీబీ కింద. వంటిల్లు, గీజర్లు, వాషింగ్ మెషీన్, ఏసీలు రెండో దాని కింద. రెండూ 30 మిల్లీ ఆంప్స్‌వే. ఈఎల్‌సీబీకి ఓవర్‌లోడ్ కనిపించదు, షార్ట్ సర్క్యూట్ కూడా. అందుకే దాని ముందు 40 ఆంప్స్ మెయిన్ ఉండాల్సిందే. గేటు లైటు, డాబా మీది లైటు, బోరు మోటారు లాంటి బయటివాటికి ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే ఆర్‌సీబీఓ విడిగా పెట్టాం. ఎంసీబీ, ఈఎల్‌సీబీ రెండూ ఒకే పెట్టెలో ఉండే సరుకది. ఇప్పుడు వానకు బయటి లైన్లు పడినా ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుంది. నేను పెట్టిన ఖర్చులో అన్నిటికన్నా బాగా గిట్టింది ఇదే.

రెండుగా విడదీసిన రోజు ఒక చిన్న కిరికిరి. హాల్లో ఫ్యాన్ వేస్తే చాలు, రెండు ఈఎల్‌సీబీలూ పడిపోయేవి. హాలు ఫేజు మొదటిదాని నుంచి తీసుకుని, న్యూట్రల్‌ను పొరపాటున రెండోదాని లింకుకు బిగించారు. ఒకదాని నుంచి వెళ్లింది ఇంకోదానిలోకి తిరిగి వస్తే, రెండింటికీ లీకేజీలాగే కనిపిస్తుంది. ఈఎల్‌సీబీకి ఒకటి చొప్పున విడి న్యూట్రల్ లింకు ఉండాలి, కలవకూడదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఈ తప్పు ఎక్కువ. లైన్లన్నీ ఇన్వర్టర్ మీదికి మారుస్తారు, న్యూట్రల్ ఎక్కడిదక్కడే వదిలేస్తారు.

ఇన్ని తిప్పలు పెట్టినా ఈఎల్‌సీబీ తీసేద్దామని ఎప్పుడూ అనుకోలేదు. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, గీజర్ ఎలిమెంటుకు పొలుసు కట్టి నాలుగో ఏడు పగిలింది. స్విచ్ వేయగానే ఈఎల్‌సీబీ పడింది. మెకానిక్ ఎలిమెంటు బయటికి తీసి, దాని మీది పగులు చూపించాడు. ఈఎల్‌సీబీ లేకపోతే కరెంటు నీళ్లలోకి దిగుతూనే ఉండేది. అప్పుడు ఎర్తింగ్ కూడా కాస్త బలహీనంగా ఉందనుకోండి, మొదట తెలిసేది స్నానానికి వెళ్లినవాళ్లకే.

అన్నీ సి రకం ఎంసీబీలే కొన్నాను, షాపులో అవే దొరికాయి. ఏసీకి, మోటారుకు అవే సరైనవి, స్టార్టింగ్‌లో గుంజే కరెంటుకు పడకుండా ఓర్చుకుంటాయి. గీజర్లకు, లైట్లకు బి రకం సరిపోయేది. 16 ఆంప్స్ బి రకం 48 నుంచి 80 ఆంప్స్ మధ్య క్షణంలో పడుతుంది, అదే సి రకానికి 80 నుంచి 160 కావాలి. మళ్లీ కొంటే వాటికి ఆర్డర్ పెట్టి అయినా బి తెప్పిస్తాను. మేం పెట్టిన రెండు ఈఎల్‌సీబీలూ ‘టైప్ AC’ అనే రకంవి. వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ ఏసీల్లో లోపల డీసీగా మార్చే సర్క్యూట్లు ఉంటాయి, అక్కడి లీకేజీని ‘టైప్ AC’ సరిగ్గా పట్టలేదు. దానికి ‘టైప్ A’ కావాలి. ఈసారి మార్చేటప్పుడు అదే.

ఆ మార్చే పని ఇప్పటికే సగం వచ్చింది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కడం నాకు అలవాటు, ఒకటో తారీఖు పాలవాడి లెక్క చూసినట్టు. మొన్న జూన్‌లో మొదటి ఈఎల్‌సీబీ బటన్ నొక్కితే కదల్లేదు. మూడుసార్లు నొక్కాను, అలాగే ఉంది. బయటికి చూస్తే నిక్షేపంలా ఉంది, ఇల్లంతా కరెంటు మామూలుగానే నడుస్తోంది. ఆ వారమే మార్పించాను, ‘టైప్ A’ది.